మూడో కాపీ పడాలని నొక్కిన చెయ్యి

రేపల్లెలో ఒక బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా లారీ చీటీలు రాశాను. కార్బన్ కాగితాలు పెట్టి మూడేసి కాపీలు. "గట్టిగా రాయండి గుమాస్తాగారూ, మూడోది పడట్లేదు," అనేవాడు యజమాని. పొద్దున్నే బ్రష్షు పట్టేదీ ఆ చెయ్యే. నెల తిరక్కుండా బ్రష్షు కుచ్చు విచ్చుకుపోయేది. చిగుళ్ళు అరిగి పళ్ళ మొదళ్ళు బయటపడ్డాయి. చన్నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమనేవి.

తెనాలి వెళ్ళి పళ్ళ డాక్టరమ్మకి చూపించాను. "అరిగిన చిగురు మళ్ళీ పెరగదండి బాబాయిగారూ, ఉన్నది కాపాడుకోవాలి. మెత్తటి బ్రష్షు కొని, పెన్ను పట్టుకున్నట్టు తేలిగ్గా పట్టుకోండి," అంది.

పెన్ను పట్టుకున్నట్టే పట్టుకున్నాను. పదిరోజుల్లో చిగుళ్ళ నుంచి నెత్తురు. మళ్ళీ రైలెక్కి వెళ్ళాను.

"నొక్కకపోతే మామూలు బ్రష్షే చాలండి. నొక్కుతున్నట్టు మీకు తెలియట్లేదు. కరెంటు బ్రష్షుల్లో, గట్టిగా నొక్కితే ఎర్రలైటు వెలిగేవి ఉన్నాయి. అలాంటిది కొనండి. రుద్దకండి, పంటికి ఆనించి ఒక్కో పన్నూ జరుపుకుంటూ పోండి. తోమడం అదే చూసుకుంటుంది," అంది.

కొన్నాను. మొదటిరోజు పంటికి ఆనించగానే ఎర్రలైటు వెలిగింది. ఈ వయసులో బ్రష్షుతో కూడా చెప్పించుకోవాలా అని ఒళ్ళు మండింది. చెయ్యి సడలించాను. ఆరలేదు. ఇంకా సడలించాను. బ్రష్షు చేజారుతుందేమో అనిపించినప్పుడు ఆరింది.

అద్దం ముందు అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నన్ను ఇక నొక్కొద్దని ఆ మిల్లులో ఎవరూ అనలేదు.