పెన్సిల్ గీతల కింద అమ్మ

ఫోటోగ్రాఫర్ మా కాలేజీకి వచ్చి మాట్లాడిన రోజు నేను ఆడపిల్లల వైపు మూడో బెంచీలో కూర్చున్నాను. ఆయన చెప్పిన కథలో ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయిని నేనే. ఆ గదిలో ఎవరికీ ఆ సంగతి తెలియదనుకున్నాను. లేచి చెప్పలేదు. ఇప్పుడు పాప నిద్రపోయాక, మళ్లీ ఏ క్షణాన దగ్గుతుందో అని ఒక చెవి అటే పెట్టి, ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది ముందు చెప్పాలి. ఆ ఉపన్యాసానికి మూడేళ్ల ముందు అమ్మ అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో ఉండేది. మేము తాండూరులో ఉండేవాళ్లం. నాన్న స్టేషను దగ్గర బండల డిపోలో గుమాస్తా. నేను మెట్రిక్ చదువుతున్నాను. ఆదివారాలు నాన్నా నేనూ రైలెక్కి వికారాబాద్‌లో దిగి, గుట్ట ఎక్కి అమ్మను చూసి వచ్చేవాళ్లం. వారం వారం చూసేవాళ్లం కాబట్టి అమ్మ ఎంత చిక్కిందో మాకు తెలిసీ తెలియనట్టు ఉండేది.

కొడంగల్ నుంచి అమ్మమ్మ ఉత్తరం రాయించింది. కందులు కొట్టే రోజులు, పొలం విడిచి రాలేకపోతున్నాననీ, బిడ్డ ఫోటో అయినా పంపమనీ. చివర ఇంకో మాట కూడా ఉంది. బిడ్డ మరీ నీరసంగా ఉంటే తాను వెంటనే వస్తుంది, పిల్లను బడి మాన్పించి గుట్ట మీద తల్లికి తోడు పెడదాం, చదువు ఎక్కడికి పోతుంది అని.

నాన్న ఉత్తరం మడిచి, "ఫోటో చూసి అమ్మమ్మ ఎట్లంటె అట్ల" అన్నాడు.

మార్చిలో నా పరీక్ష.

తాండూరులో ఫోటో స్టూడియో పెట్టుకున్న పెద్దాయన ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్లం. నాన్న పిలిస్తే స్టాండు కెమెరా మోసుకుని గుట్టకు వచ్చాడు. అమ్మను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి తీశాడు. రెండు రోజుల తర్వాత బడి నుంచి వస్తూ నేను ఒక్కదాన్నే స్టూడియోకు వెళ్లాను. ఆయన తడి ఆరిన ప్రింటు చేతిలో పెట్టాడు. బుగ్గల స్థానంలో రెండు గుంటలు, మెడ కింద ఎముకలు. వారం వారం చూసిన ముఖమే, కానీ కాగితం మీద దాచుకోవడానికి ఏమీ లేకుండా ఉంది.

"జర నిండుగ చెయ్యరాదా చాచా?" అన్నాను.

"మొటిమైతె తీస్త బిడ్డా. దోమ కుట్టింది తీస్త. పదిహేను రోజులల్ల పోయేది ఏదైనా తీస్త. ఉండిపోయేది తియ్య. నాకు గదొక్కటే కాయిదా, గదే నియమం."

"అమ్మకు రోగం తక్కువైతది గద. నెలకో రెణ్నెళ్లకో బుగ్గలు మళ్ల వస్తయి. మరి ఇది పోయేదే గద?"

ఆయన నవ్వాడు. నేను అక్కడితో ఆగలేదు. అమ్మమ్మకు గుండె బలహీనమనీ, ఇట్లాంటి ఫోటో చూస్తే తట్టుకోలేదనీ చెప్పాను. అమ్మమ్మ గుండెకు ఏమీ లేదు. ఎండలో రోజంతా కంది కట్టెలు మోసే మనిషి.

ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. వాలుగా ఉన్న ఆ బల్లకు మధ్యలో అద్దపు కిటికీ లాంటిది ఉంటుంది, కింద ఇంకో అద్దం పెట్టి వెలుతురు పైకి పట్టేవాడు. అమ్మ ఫోటో పడిన గాజు ప్లేటు దాని మీద పెట్టి, వార్నిష్ లాంటి మందు దూదితో పల్చగా రుద్ది, సూది మొనలా చెక్కిన పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను. మెడ ఎముకల దగ్గర ఆయన ఆగితే, "అవి కూడ" అన్నాను.

ఆ ఫోటో చేరాక అమ్మమ్మ మళ్లీ రాయించింది. బిడ్డ బాగానే ఉందని మనసు కుదుటపడింది, కందులు ఇంటికి రాంగనే వస్తాను అని. అమ్మ నెల కూడా ఉండలేదు. కబురు అంది, బస్సు దొరికి అమ్మమ్మ వికారాబాద్ చేరేసరికి అంతా అయిపోయింది. బూడిద చూసింది.

నేను పరీక్ష రాశాను. పాసయ్యాను. వికారాబాద్ కాలేజీలో చేరి రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని.

మూడో ఏడు గ్రూపు ఫోటో దగ్గర గొడవ వచ్చింది. ఆ రోజు నేను కాలేజీకి వెళ్లలేదు. అబ్బాయిలు కొందరు తమను తెల్లగా చేయమని, ఫోటో తీయడానికి తాండూరు నుంచి వచ్చిన చాచా వెంట పడ్డారట. కెమిస్ట్రీ లెక్చరర్ నవ్వి, "మీరే ఒకరోజు వచ్చి వీళ్లకు చెప్పండి" అని ఆయనను పిలిచాడు. అలా చాచా మా కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన షేర్వానీ, చేతిలో గుడ్డలో చుట్టిన ప్లేట్లు.

ఒక ప్లేటు కిటికీకి ఎదురుగా పట్టుకుని చూపించాడు. "గిండ్ల అంత ఉల్టా. గిక్కడ నల్లగున్నది కాగితం మీద తెల్లగైతది. మీ మొటిమ కాగితం మీద నల్లచుక్క, గిండ్ల తెల్ల రంధ్రం. పెన్సిల్‌తోని గా రంధ్రం నింపుత. గంతే నా విద్య."

"నన్ను మొత్తం నింపుండ్రి సార్" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నిన్ను నింపాలంటె పెన్సిల్ డబ్బా ఖతమైతది నాయనా." గది గొల్లుమంది. ఆయన ఆగి మళ్లీ అన్నాడు. "పుట్టుమచ్చ గూడ తియ్యమంటరు కొందరు. నీ సర్టిఫికెట్ల గా మచ్చ రాసి ఉంటది. అది తీస్తె రేపు పరీక్ష కాడ నువ్వు నువ్వే అని ఎవరు నమ్ముతరు? అమ్మవారు పోసిన మచ్చలు జర మెత్తగ చేస్త, మాయం చెయ్య. రాత్రి నిద్ర లేక కండ్ల కింద నలుపు వస్తె తీస్త. పదిహేను రోజులల్ల పోయేది తియ్యొచ్చు, ఉండిపోయేది తియ్యొద్దు. మా ఉస్తాదు నేర్పిండు. మస్తు ఏండ్లు గిదే గీత అనుకున్న."

అక్కడ ఆగి గదిని ఒకసారి చూశాడు. "ఒక పిల్ల వచ్చి గా గీతను తుడిచింది."

తర్వాతి మాటలు నాకు ముందే తెలుసు. గుట్ట, వరండా, తల్లి, గుండె బలహీనమైన ముసలామె. నా వేళ్లు బెంచీ అంచును పట్టుకున్నాయి. కథ మధ్యలో ఆయన గొంతు తగ్గింది. మా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి ముగించాడు.

"రోగం పోయేదే గద అన్నది పిల్ల. నా కాయిదా నాకే చెప్పింది. నింపిన. ముసలామె ఫోటో చూసి నిమ్మలపడ్డది, రాలేదు. బిడ్డను ఆఖరుసారి చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు. పోయేదా ఉండేదా అని అడిగితె సాలదు. గా ఫోటో ఎవరు చూస్తరు, చూసి ఏం చేస్తరు అని అడగాలె. గోడకు తగిలిచ్చుకునేదైతె గది వేరు. దాన్ని చూసి ఒక మనిషి బస్సెక్కాల్నా వద్దా అనుకునేదైతె, పెన్సిల్ కింద పెట్టాలె."

నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చెవిలో అంది. "ఎంత గుండె చూడే ఆ పిల్లది. కన్నతల్లి ముఖమే మార్పిచ్చింది."

"అవును" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

ఒక అబ్బాయి లేచి, తప్పు ఆ పిల్లదే కదా సార్ అని అడిగాడు.

"చిన్నపిల్ల. అమ్మమ్మ ఏమైతదో అని భయపడ్డది, ప్రేమతోని అడిగింది. పెన్సిల్ నా చేతిల ఉండె. తప్పు నాది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయన అంత మంది ముందు నా తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు, నేను చెప్పిన అబద్ధాన్ని ప్రేమ అంటున్నాడు, నేను చప్పట్లు కొడుతున్నాను. గంట కొట్టగానే అందరికంటే ముందు బయటపడి స్టేషనుకు నడిచాను.

ఆ తర్వాత ఐదేళ్లు ఆ స్టూడియో ఉన్న వీధిలో నడవలేదు. పెళ్లి ఫోటోలు మా వాళ్లు పరిగిలో తీయించారు. పాపకు ఏడాది నిండాక మాత్రం ఆయన, అంటే మా వారు, తాండూరులోనే తీయిద్దామని పట్టుబట్టారు. వెళ్లక తప్పలేదు.

చాచా ముసలివాడయ్యాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. పాప నుదుటి మీద చెమటకాయలు చూసి మా వారు అవి రాకుండా చూడమన్నారు.

"గవి వారంల పోతయి సాబ్, తీస్త. దిష్టిచుక్క మీరు పెట్టిందే, దాన్ని ముట్ట."

మా వారు పాపను ఎత్తుకుని బయటకు వెళ్లినప్పుడు ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఆనాడు నువ్వు ఆడ ఉంటవని తెల్వదు బిడ్డా. సగం చెప్పినంక కనవడ్డవు. గందుకే కిటికీ దిక్కు తిరిగిన."

"అమ్మమ్మ గుండెకు ఏం లేకుండె చాచా" అన్నాను. "నాకు పరీక్ష ఉండె."

ఆయన కెమెరా మీది నల్లగుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "నాకెందుకు చెప్తవు. చెప్పాల్సిన కాడ చెప్పు."

అమ్మ ఫోటో ప్లేటు ఇంకా ఉందా అని అడిగాను. ఉంది. నా ముందే టర్పెంటైన్‌లో ముంచిన దూదితో తుడిచాడు. మందుతో పాటు గీతలన్నీ బూడిద రంగులో దూదికి అంటుకుని వచ్చాయి. గాజు మీద అమ్మ బుగ్గల గుంటలు మళ్లీ బయటపడ్డాయి. అన్నేళ్లూ అక్కడే ఉన్నాయి. దాని నుంచి కొత్తగా తీయించిన ప్రింటును పాప ఫోటోతో పాటు తెచ్చుకున్నాను.

తర్వాతి నెల పాపను తీసుకుని కొడంగల్ వెళ్లాను. అమ్మమ్మ గోడ మీద నిండు బుగ్గల అమ్మ, పటానికి కుంకుమ బొట్టు. పాప ఫోటో ఇస్తే అమ్మమ్మ మురిసిపోయింది. దాని కింద రెండోది ఉంది. తీసి చూసింది. ఆమె చూపు ఇంకా బాగానే ఉంది.

"గీమె ఎవరి బిడ్డనే? మస్తు కష్టపడ్డట్టుంది పాపం."

ఆసుపత్రిలో ఎవరో అని చెప్పేయొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"నీ బిడ్డనే అమ్మమ్మ."

ఆమె ఫోటోను వెలుతురులోకి పట్టుకుంది. గోడ వైపు చూసింది, మళ్లీ చేతిలోకి చూసింది. "ఎప్పటిది?"

"గా ఫోటో దిగిన నాటిదే. రెండు ఒకటే. నేనే నింపిచ్చిన."

"ఎందుకు?"

"నువ్వొస్తె బడి మాన్పిస్తవని."

అమ్మమ్మ తిట్టలేదు. ఏడవలేదు. "నేను వస్తుంటి గద" అని మాత్రం అంది, నాతో కాదు, ఆ ఫోటోతో. పాప ఏడిస్తే ఎత్తుకుని పెరట్లోకి వెళ్లి ఆడించింది. సాయంత్రం నేను బయలుదేరుతుంటే గోడ మీది పటం దించి, కొంగుతో దుమ్ము తుడిచి, నా సంచిలో పెట్టింది.

"గిది నువ్వే తీస్కపో. నా బిడ్డ నా కాడ ఉంటది."

బస్సులో పాప నా ఒళ్లో ఆ పటం అంచు కొరుకుతూ కూర్చుంది. ఇప్పుడది ఈ గదిలోనే, గోడకు ఆనించి ఉంది. మేకు కొట్టనా అని మా వారు రెండుసార్లు అడిగారు. పాప దాని దగ్గరకు పాకుతూ వెళ్లి, నిండుగా ఉన్న ఆ బుగ్గల మీద అరచేయి వేసి, నా వైపు తిరిగి నవ్వుతుంది. మీ అమ్మమ్మ అని నేను ఇంకా దానికి చెప్పలేదు.