తెర మీద పట్టని ‘లేదు’

నేను ఒకప్పుడు పనిచేసిన కంపెనీకి రాసిన ఈమెయిళ్లకు జవాబు రాలేదు. ఫోన్ చేస్తే సారు మీటింగ్‌లో ఉన్నాడన్నారు. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు మెట్లెక్కి పోతే, బయట కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మధ్యాహ్నం దాకా ఉంచి, సారు వెళ్లిపోయాడని చెప్పారు. నీళ్లిచ్చినతను మంచివాడు, అతని మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ల మీద ఉంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు. తగ్గించుకోవాలన్న ఉద్దేశమూ లేదు. వాళ్లెవరూ వినలేదు గనక జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

వేలితో తాకే తెరల ఫోన్లు మా వైపు ఇంకా రాని రోజులవి. బటన్ల ఫోన్లలోనే చిన్న చిన్న జావా అప్లికేషన్లు నడిచేవి. నేను హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. సొంతూరు వనపర్తి కాబట్టి ఆ వైపు పని ఏదున్నా నన్నే పంపేవారు. మా లీడ్, అంటే మా జట్టు పెద్ద, కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేస్తూ “ఈయన మా ఫోన్ల బ్యాగ్” అనేవాడు. అందరూ నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడు వచ్చిన పని ఒక విత్తనాల కంపెనీది. గద్వాల వైపు రైతులు ఆ కంపెనీ కోసం విత్తన పత్తి పండిస్తారు. ఒక్కొక్క మొగ్గనూ చేత్తో విప్పి, ఇంకో మొక్క పుప్పొడి అద్ది, దారం కట్టే పని. పూత మీద ఉన్నప్పుడే కంపెనీ సూపర్‌వైజర్ చేనుకు వచ్చి, పక్కన వేరే పత్తి ఉందా, వేరే రకం మొక్కలు కలిశాయా అని చూడాలి. ఆ తనిఖీ లేకపోతే కంపెనీ విత్తనం తీసుకోదు. పూత అయిపోయాక చూసినా లెక్కలోకి రాదు. అంతకుముందు కాగితాల మీద నడిచిన ఈ తనిఖీని ఫోన్‌లోకి మార్చింది మా కంపెనీ. చేను గట్టు మీదే నింపి, పంపు అని నొక్కితే హైదరాబాద్‌కు చేరుతుంది.

నా పని, అది ఎక్కడ చెడుతుందో చూడటం. బ్యాగ్‌లో రకరకాల ఫోన్లు పెట్టుకుని అమరచింత పోయాను, తిమ్మాజిపేట పోయాను. వెడల్పు తెర ఫోన్‌లో బాగున్నది ఇరుకు తెరలో ఎలా కనబడుతోంది, సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతే ఏమవుతుంది, వివరాలు పోతున్నప్పుడే కాల్ వస్తే, మెసేజ్ వస్తే, అలారం మోగితే, బ్యాటరీ అయిపోతుందన్న హెచ్చరిక వస్తే ఏమవుతుంది, ఇవన్నీ. తిమ్మాజిపేటలో టీ కొట్టు ముందు నిలబడి, కుడిచేతి ఫోన్ నుంచి ఎడమచేతి ఫోన్‌కు కాల్ చేస్తుంటే ఒక పెద్దాయన చాలాసేపు చూశాడు.

“ఏంది బిడ్డా, నీకు నువ్వే ఫోన్ చేసుకుంటున్నవు?”

“పని మీద పెద్దనాయనా.”

“చేసుకుని గూడ ఎత్తకపోతివి. నీ మీద నీకే కోపమొచ్చిందా?”

ఆ రోజు నేను కనిపెట్టిందే తరువాత జరిగినదానికంతా మూలం. ఆ ఫోన్లలో కాల్ మోగగానే ఇంటర్నెట్ ఆగిపోతుంది. కాల్ పోయాక కూడా సగంలో తెగిన వివరాలు చాలాసార్లు మళ్లీ పోవు. అది ఫోన్ల స్వభావం, ఎవరి తప్పూ కాదు. అప్లికేషన్ ఆ సంగతి గుర్తుపట్టి, “మీ వివరాలు చేరలేదు” అని చూపించాలి. చూపించేది కూడా. కాని ఆ ఫోన్లకు తెలుగు అక్షరాలు రావు. అందుకని మావాళ్లు ఒక్కొక్క వాక్యాన్నీ బొమ్మగా గీయించి పెట్టారు. ఆ బొమ్మల్ని వెడల్పు తెర కొలతకే చేశారు. ఇరుకు తెర మీద కుడివైపు కొస తెగిపోయేది. “మీ వివరాలు చేర” దాకా కనబడి, ఆ పక్కన తెగిన అక్షరం అంచు ఒంపుగా మిగిలేది. చదివితే “చేరె”, అంటే చేరింది, అన్నట్టే ఉండేది. నిజంగా చేరినప్పుడు వచ్చే “చేరాయి” కూడా అక్కడే తెగేది. రెండింటికీ తేడా తెలియాలంటే తెరను కంటికి ఆనించుకోవాలి.

తెలుగులో కాదు అన్నా లేదు అన్నా వాక్యం చివరే వస్తుంది. చివర తెగితే అర్థమే తిరగబడుతుంది. ఇది కనిపెట్టడానికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. ఆ సాయంత్రమే తెర ఫోటోతో సహా రాసి పంపాను. వాక్యాన్ని రెండు వరుసలు చేయమన్నాను. పంపుతుండగా తెగితే నింపిన వివరాలు చెరిగిపోకుండా ఫోన్‌లోనే దాచమన్నాను. మరునాడు లీడ్ ఫోన్ చేశాడు.

“ఎమ్యులేటర్‌లో మెసేజ్ మొత్తం కనిపిస్తోంది కదండీ.”

ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్‌లో బొమ్మగా కనబడే ఫోన్.

“అది మీ టేబుల్ మీద ఉంటది సార్. చేన్ల ఉండదు.”

“చిన్న స్క్రీన్లకు ప్రయారిటీ తక్కువండీ. అయినా కరెక్టుగా పంపేటప్పుడే కాల్ రావడం ఎంత అరుదు చెప్పండి?”

“ఈడ అరుదు కాదు సార్. మిస్డ్ కాల్‌లు ఇస్తరు.”

“మీరే కాల్స్ చేసి చేసి కావాలని చెడగొడుతున్నారని ఇక్కడ అనుకుంటున్నారు.”

అనుకుంటున్నారట. ఎవరనుకుంటున్నారో చెప్పలేదు. నా రిపోర్టు ఎదురుగా ‘మళ్లీ కనిపించలేదు, మూసివేశాం’ అని రాశారు.

తరువాత నన్ను ఇటిక్యాల పంపారు, సూపర్‌వైజర్ వెంట తిరిగి అసలు వాడకం చూడమని. అతను చురుకైనవాడు, ఎప్పుడూ నవ్విస్తూ ఉండేవాడు. ఫోన్ మాత్రం చవక రకం, ఇరుకు తెరది. అక్కడి సూపర్‌వైజర్ల చేతుల్లో ఉన్నవన్నీ అవే. రైతులందరి దగ్గరా అతని నంబర్ ఉంది. మా చేనుకు ఎప్పుడొస్తావు అని అడగడానికి ఎవరూ డబ్బులు పెట్టి మాట్లాడరు. ఒక్కసారి మోగించి కట్ చేస్తారు. అతని జేబు అస్తమానం కూస్తూనే ఉండేది.

“నా పెండ్లికి గూడ ఇంతమందిని పిల్వలే అన్నా” అనేవాడు.

అక్కడ ఒక కౌలు రైతు ఉండేది. నలభై దాటిన మనిషి. ఆమె చేను నేను చూసిన అన్నిటికంటే శుభ్రంగా ఉంది. మా ముందే వంగి, సాళ్లలో ఒక మొక్కను పీకి చూపించింది.

“ఆకు చూస్తె వేరే రకమని నాకు అనుమానమైంది సార్. మీరు రాకముందే పీకుదామనుకున్న, మల్ల మీరు చూడలేదంటరని ఉంచిన.”

“నువ్వే నాకు సూపర్‌వైజర్ లెక్కున్నవక్కా” అని సూపర్‌వైజర్ అన్నీ చూసి, గట్టు మీద సిగ్నల్ దొరికిన చోట నిలబడి, వివరాలు నింపి, పంపు అని నొక్కాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఒక్క మోత, కట్. ఎవరో మిస్డ్ కాల్. అతను తెర చూసి వెనక్కి బటన్ నొక్కేశాడు.

“చేరె. నడువన్నా, ఇంకా శానా చేన్లున్నయి.”

“చేరలేదు తమ్మీ. మధ్యల కాల్ వచ్చింది. అది చేరలేదనే వచ్చింది, కొస తెగింది.”

“చేరె అని కండ్ల ముందర వచ్చింది గదనే.”

“మల్ల నింపి పంపు జర.”

“రెండుసార్లు పంపితె రెండు చేన్లని పడుతది. మా సార్‌తోని తిట్లు ఎవరు తినాలె? మీ ఆఫీసుల చెప్పుకోపో, నాకెందుకు చెప్తవు?”

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. “ఏంది సార్, పరేషాన్ ఏమన్న ఉందా?”

“ఏం లేదక్కా, ఈ అన్నకు ఫోన్ల మీద అనుమానం” అని అతను బండి స్టార్ట్ చేశాడు.

గద్వాలలో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి మళ్లీ రాశాను. ఫలానా ఊరు, ఫలానా చేను, తనిఖీ జరిగింది, పంపుతుండగా తెగింది, విత్తన కంపెనీకి ఈరోజే చెప్పండి, పూత ఇంకా ఉంది, మళ్లీ చూడవచ్చు అని. లీడ్ దగ్గరి నుంచి ఒక్క ముక్క వచ్చింది. పాత రిపోర్టు చూసుకోండి, అది మూసేశాం అని. విత్తన కంపెనీవాళ్లతో టెస్టర్లు నేరుగా మాట్లాడకూడదని కింద ఇంకో వాక్యం. అయినా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. “నీ పోరు పడలేనన్నా” అని పెట్టేశాడు. పూత అయిపోయింది.

విత్తనం తీసుకునే రోజుల్లో నేను గద్వాలలోనే ఉన్నాను, విత్తన కంపెనీ గోదాములో ఇంకో అప్లికేషన్ పని మీద. ఆమె బస్తాలు దింపించింది. గోదాము సారు కంప్యూటర్‌లో వెతికాడు.

“సిస్టంల నీ చేను లేదమ్మా.”

“చేను యాడికి పోతది సార్? మొన్నటిదాంక ఆడనే ఉండె.”

“తనిఖీ కాలేదు. తనిఖీ లేనిది తీస్కోం.”

సూపర్‌వైజర్‌ను పిలిపించారు. నేను పోయిన, చూసిన, పంపిన, చేరె అని వచ్చింది అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వు గూడ ఉన్నవు గద సార్. మొక్క పీకి చూపెట్టిన గద. చెప్పు.”

చెప్పాను. కాల్ రావడం, తెగడం, తెర, బొమ్మ, అన్నీ చెప్పాను. గోదాము సారు విని, మీ కంపెనీతోనే ఆ మాట రాయించుకు రమ్మన్నాడు. మా కంపెనీ రాసిచ్చింది. ‘విఫలమైనట్టు అప్లికేషన్ సందేశం చూపింది, వాడుకరి మళ్లీ పంపలేదు’ అని. ఏ తెర మీద ఎంత చూపిందో రాయలేదు. నా రెండు రిపోర్టుల మాట అసలే లేదు.

చేత్తో అద్ది, దారం కట్టి పండించిన ఆ విత్తనం నూనె మిల్లుకు పోయింది. తనిఖీ చేయించుకోని రైతు అని పేరు పడటంతో మరుసటి ఏడు ఆమెకు విత్తన పత్తి ఇవ్వలేదు. చేను గలాయన కౌలు వేరేవాళ్లకు మార్చాడు. బస్తాలు మళ్లీ ఎత్తించుకుంటూ ఆమె నాతో అన్నది ఒకటే. “డబ్బుల సంగతి తర్వాత సార్. చూసిన చేనును చూడలేదంటె ఎట్ల?”

ఇక్కడితో అయిపోతే నేను ఇంత రాసేవాణ్ణి కాదేమో. తరువాతి సీజన్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. అందులో “మీ వివరాలు” పైన, “చేరలేదు” కింద, రెండు వరుసల్లో పూర్తిగా ఉన్నాయి. తెగిన తనిఖీ ఫోన్‌లోనే భద్రంగా ఉండి, మళ్లీ పంపమని అడుగుతోంది. నేను అడిగినవి రెండూ చేశారు. ఏమేం మార్చారో చెప్పే కాగితంలో మాత్రం ‘తెర అందం మెరుగుపరిచాం’ అని రాశారు. నా కాంట్రాక్టు అంతకుముందే ఆపేశారు కాబట్టి ఆ కాగితం కూడా నేను ఇంకొకరి దగ్గర చూశాను.

లీడ్ సార్, మీరిప్పుడు పెద్ద పదవిలో ఉన్నారని విన్నాను. నా ఉద్యోగం సంగతి అడగను. ‘ఫోన్ల బ్యాగ్’ అన్నందుకు క్షమాపణా అడగను, ఇచ్చినా తీసుకోను. నాకు కావలసింది ఒక్కటే. తప్పు సూపర్‌వైజర్‌దే అయితే, అప్లికేషన్‌లో ఏ లోపమూ లేకపోతే, ఆ వాక్యాన్ని రెండు వరుసలు ఎందుకు చేశారు? ఎవరు చేయమన్నారు? చేసేటప్పుడు ఇటిక్యాల చేను మీకు గుర్తొచ్చిందా, రాలేదా? ఈసారి మీటింగ్‌లో ఉన్నానని చెప్పించకండి. కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. నాకు కాదు, ఆమెకు. ఆమె చేనును తనిఖీ చేశారని రాయండి.