వానరం చీటీ

చండ్రుగొండ బడిలో మా తెలుగు సారు ఎనిమిది మాటలు చీటీల మీద రాసి బల్లపై పరిచారు. నాలుగేసి చొప్పున రెండు కుప్పలు చేయాలి. ఏ లెక్కన అన్నది మేమే కనిపెట్టాలి. తప్పితే వెదురు బెత్తం. నాకంటే ముందు వెళ్లిన ముగ్గురూ అవే చీటీలతో తప్పి, వాచిన అరచేతులతో తిరిగొచ్చారు.

నా వంతు వచ్చింది. కాలువలో కాలు, వేలుపులో వేలు, గోరువంకలో గోరు కనిపించాయి. పావడ, అభయం, అమృతం, అక్షయం మాత్రం మొదటి అక్షరం తీసేస్తే వడ, భయం, మృతం, క్షయం అయ్యాయి. మిగిలింది వానరం. అందులో నరం దాగి ఉంది. మొదటి అక్షరం తీసేసినా నరమే. ఎటు పెట్టినా దెబ్బ తప్పదని ఆ చీటీని పిడికిట్లోనే బిగించాను. తక్కినవన్నీ సర్దాక చూస్తే ఒక కుప్పలో నాలుగు నిండాయి, ఒంట్లో భాగాలున్న కుప్పలో మూడే ఉన్నాయి. చెమటకు తడిసిన వానరాన్ని అక్కడ పెట్టాను.

"గిదెందుకు ఆఖరికి పెట్టినవే?" అని సారు గద్దించారు.

"భయమైంది సార్."

"ఆ ముగ్గురికి భయం గాలే. దీన్నే ముందుగాల పెట్టి తప్పిండ్రు."

అది మెచ్చుకోలని ఇంటికి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. అక్కడున్నంతసేపూ నా చూపు బెత్తం మీదే ఉంది.