మూడో అంకె

ఆ ఏడు నేను సంగారెడ్డి దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఫలితాలు వచ్చాక నా కిటికీ ముందుకు వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "సక్కగనే లెక్కేసిన్రా మేడం?" నాకు ఒళ్లు మండేది.

ఒక అమ్మాయి మాత్రం లెక్క తనే వేసుకుని, తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ ఆపరేటర్. షిఫ్టు దిగి యూనిఫారంలోనే వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలోనే ట్రైనీ ఇంజనీర్లను తీసుకుంటున్నారట. సరాసరి గ్రేడు పదింట ఎనిమిదికి తగ్గకూడదట. మా డిస్టింక్షన్‌కూ అదే గీత.

"క్రెడిట్లు నూట అరవై, పాయింట్లు పన్నెండు వందల డెబ్బై తొమ్మిదిన్నర. భాగిస్తే 7.996 దాటుతది మేడం. మెమోల 7.99 ఏసి ఫస్ట్ క్లాస్ అన్నరు. మూడో అంకె ఆరున్నది కదా, 8.00 కావాలె."

ఆమె లెక్కలో తప్పులేదు. మా నిబంధనే వేరు. రెండు దశాంశాలు ఉంచి, తర్వాతి అంకె తొమ్మిదైనా సరే వదిలేయాలి.

"మరి మిడ్ పరీక్షల సగటు ఇరవై మూడున్నరొస్తే ఇరవై నాలుగేస్తరు కదా మేడం?"

అదీ నిజమే. అలాంటప్పుడే నా గొంతు పెరుగుతుంది. "మార్కులకు ఆ రూలు, గ్రేడుకు ఈ రూలు. లేనిది పెంచి రాసుకుంటమా?" అని కసిరాను. తండ్రి మెల్లగా "జెర పెద్దసారునన్న అడుగుండ్రి మేడం" అన్నాడు. అడిగాను. రూలు అందరికీ ఒకటేనన్నాడు ఆయన, తల కూడా ఎత్తకుండా.

కొన్ని నెలలకు ఆ అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఉద్యోగం సంగతి అడిగాను.

"రాలె మేడం. ఆన్‌లైన్ ఫారంల ఒక్క దశాంశానికే జాగ ఉండె. 7.9 రాసిన. ఎనిమిదికి తక్కువని ఆడనే ఆగిపోయింది."

"7.99ని ఒక్క దశాంశానికి సవరిస్తే 8.0 కదమ్మా! వాళ్లేం చెప్పిన్రు?"

"సవరించి రాయాలెననే ఫారం కింద ఉండెనట, నేను చూడలె. మా బాపు తర్వాత ఆఫీసుల అడిగిండు. మెమోల 7.99 ఉంటే 8.0 రాయొచ్చన్నరట. గప్పటికే తేదీ అయిపోయింది."

నా మీద నాకు కోపం, ఆ పిల్ల మీద జాలి, రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంత తెలివైన పిల్ల అక్కడ ఎలా పొరబడిందో అర్థం కాలేదు. నీకు సవరించడం రాకనా అని అడిగాను.

సర్టిఫికెట్ అందుకున్నట్టు సంతకం పెడుతూ చెప్పింది. "వస్తది మేడం. పెంచి రాస్తే దొంగలెక్క అనుకుంటరేమోనని భయమైంది. మా బాపు గక్కడనే పని చేస్తడు కదా."