బడికి దీర్ఘమిచ్చిన కవిగారు

కవిగారు పగలంతా బీమా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఆరు దాటాక మాత్రం మహాకవి. ఛందస్సు సంకెళ్లను తెంచుకున్న వచన కవినని తన గురించి తానే చెప్పుకునేవారు. ఆ సంకెళ్లు ఆయనకు ఎవరు, ఎప్పుడు వేశారో ఇంట్లోవాళ్లకి తెలియదు. గురువేదో లఘువేదో ఆయన ఎన్నడూ నేర్చుకున్న పాపాన పోలేదు.

అలాంటి మనిషికి పాటలు రాసే పని దొరికింది. దొరికిందంటే భార్య వల్ల దొరికింది. ఆవిడ గాయని, సబ్బుల ప్రకటనల నుంచి ఆసుపత్రి ప్రారంభగీతాల దాకా అన్నీ పాడేది. ఆవిడ పాడే స్టూడియోలో బాణీలు కట్టే కీబోర్డు మాస్టారు ముందు ట్యూను చేసి, "తానాన తానాన" అని పాడి పంపేవాడు. కవిగారు వేళ్లు మడిచి లెక్కపెట్టేవారు. తా ఒకటి, నా రెండు, న మూడు. మూడక్షరాల మాట ఏది తోస్తే అది అక్కడ పడేసేవారు. ఆయన లెక్కలో అక్షరమంటే అక్షరమే. పొడుగు, పొట్టి అనేవి మనుషులకుండే తేడాలు.

అయినా పాటలు బాగానే వినపడేవి. "మాటలు వాటంతట అవే ఒదిగిపోతాయోయ్, అదే సహజ ప్రతిభ" అని ఆఫీసులో అందరికీ చెప్పేవారు. పాపం వాళ్లు కూడా టీ తాగుతూ వినేవాళ్లు.

ఇంతలో గాయని గొంతు పట్టేసింది. కొన్నాళ్లు మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. ఆ మౌనాన్ని కవిగారు ఎంతో సహనంతో భరించారు. నిజానికి కొంచెం ఆనందించారు కూడా. సరిగ్గా అప్పుడే ఒక స్కూలు వాళ్లు తమ పిల్లలు రోజూ పాడుకోవడానికి పాట కావాలన్నారు. కవిగారు రాసిచ్చారు:

"మా బడి మా గుడి."

స్టూడియోకి కొత్త గాయని వచ్చింది. పెద్దవాళ్లు రాసింది రాసినట్టు పాడాలని నమ్మే మంచి పిల్ల. ట్యూనులో రెండో స్వరం పొడుగు, మూడోది పొట్టి. ఆ పొడుగు స్వరం మీద 'బ' పడింది. సాగింది. "మా బాడి, మా గూడి" అయింది.

వారం తిరక్కుండా స్కూలు హెడ్ మేడం ఇంటికే వచ్చింది.

"కవిగారూ, మీ పాట పిల్లలకి తెగ నచ్చేసిందండీ."

కవిగారు వినయంగా కళ్లు మూసుకున్నారు.

"'మా బాడీ' అనగానే రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ చొక్కా చేతులు పైకి మడిచి కండలు చూపిస్తున్నారు. మా పీఈటీ మాస్టారు ఒక్కరే సంతోషంగా ఉన్నారు."

కవిగారు కళ్లు తెరిచారు. "అది పాడిన అమ్మాయి తప్పండీ. నేను బడి అనే రాశాను."

తలుపు దగ్గర నిలబడ్డ గాయనికి అప్పటికి డాక్టరు అనుమతి దొరకలేదు. అయినా ఆగలేకపోయింది. బొంగురు గొంతుతోనే అంది: "ఆ పిల్లనేం అనకండి. పొట్టి అక్షరాన్ని పొడుగు స్వరం మీద కూర్చోబెడితే అది సాగక ఏం చేస్తుంది? మన భాషలో దీర్ఘం తీస్తే మాటే మారిపోతుంది కదండీ."

"మరి ఇన్నేళ్లూ మారలేదే?"

గాయని హెడ్ మేడం వైపు చూసింది. మేడం గోడమీది క్యాలెండరు వైపు చూసింది.

"నేను మారుస్తున్నాను కాబట్టి మారలేదు. మీరు 'నీ మది' అని రాస్తే ఆ ట్యూనులో 'నీ మాది' అయ్యేది. 'నీ గుండె' అని పాడాను. 'ఆ నది' అని రాస్తే 'ఆ నాది' అయ్యేది. 'ఆ ఏరు' అన్నాను. మీరు రికార్డింగు వినేటప్పుడు మీ పేరు ఎక్కడ వస్తుందా అని చూసేవాళ్లు కదా, మిగతాది పట్టించుకోలేదు."

కవిగారి సహజ ప్రతిభ అక్కడే, హెడ్ మేడం కాఫీ కప్పు పక్కనే, ప్రాణం విడిచింది.

ఆ పూట ఆయన అన్నం తినలేదు. తప్పు రాసినందుకు కాదు ఆయన బాధ. తన పాటంటూ వీధి వీధికీ చెప్పుకున్నవాటిలో సగం మాటలు తనవి కావు. అది తెలిసి కూడా, తను గొప్పలు పోతున్నప్పుడు పక్కన కూర్చుని ఆవిడ ఒక్కసారైనా నవ్వలేదు. నవ్వి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదేమో.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు చివరికి.

"చెబితే మానేసేవాళ్లు. మీరు రాసుకుంటుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

అది ప్రేమో, వెక్కిరింపో తేల్చుకోలేక కవిగారు పౌరుషానికి పోయారు. ఈ పాట తానే మళ్లీ రాస్తానని, ఆవిడ దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పాడాలని పంతం పట్టారు.

ఇక చూడాలి ఇంటి అవస్థ. వేళ్లు మడవడం మానేసి చప్పట్లు మొదలుపెట్టారు. 'తా' కి రెండు దెబ్బలు, 'న' కి ఒకటి. అంట్లు తోముతూ "తానాన", బస్సులో "తానాన". పక్క సీటు ఆయన లేచి వేరే చోట కూర్చున్నాడు. అలా నోటితో పాడుకుంటూ ఉండగా కొన్నాళ్లకి 'మా తోట మా బాట' వచ్చింది. మా పొడుగు, తో పొడుగు, ట పొట్టి. ఎక్కడా సాగదీయక్కర్లేదు, నొక్కేయక్కర్లేదు. మాట్లాడినట్టే ఉంది. స్కూలు పాటలో బడి అన్న మాట లేకపోతే ఎలా అని, రెండు పొట్టి స్వరాలు పక్కపక్కన వచ్చే చోటు వెతికి దాన్ని అక్కడ పెట్టారు:

"మా తోట మా బాట, అక్షరం పాట పాడు బడి మాది."

గాయని చదివింది. ఆశ్చర్యాన్ని దాచుకుంది. "బాగుంది. కానీ ఈ 'అక్షరం' కుదరదు."

"ఎందుకు కుదరదు? 'క్ష' ముందున్న 'అ' గురువు. పుస్తకం తెచ్చుకుని మరీ చదివాను!"

"పుస్తకంలో గురువే. కానీ అక్కడ మాస్టారు స్వరాన్ని బాగా సాగదీశారు. 'అక్' అనగానే గొంతు మూతపడుతుంది, ఇంకేం పట్టుకుని సాగను? సాగిస్తే 'ఆక్షరం' అవుతుంది."

కవిగారు కాసేపు తనలో తానే "అక్... అక్..." అనుకున్నారు. ఎక్కిళ్లేమోనని ఆవిడ మంచినీళ్ల గ్లాసు తెచ్చింది. ఆయన తాగకుండానే అన్నారు: "'అందరం' అంటే? 'అన్' దగ్గర ముక్కుతో పట్టుకోవచ్చు కదా?"

"పట్టుకోవచ్చు" అంది గాయని. ఆ మాట అంటూ ఆయన వైపు చూసిన చూపు పెళ్లయిన కొత్తలో కూడా ఆయనకు దక్కలేదు.

రికార్డింగు రోజు కవిగారు అద్దం అవతల మాస్టారి పక్కన కూర్చున్నారు. గొంతు కుదుటపడ్డ గాయని మొదలుపెట్టింది. "అందరం పాట పాడు బడి మాది" దాకా వచ్చి ఆగిపోయింది.

మాస్టారు తల గోక్కున్నాడు. "కవిగారూ, దీర్ఘాలు భేషుగ్గా ఉన్నాయి. కానీ ట్యూనులో అక్కడ విరామం లేదండీ. 'పాడు' కి 'బడి' అంటుకుంటే... పాడుబడి పోయినట్టుందండీ స్కూలు."

అందరికంటే ముందుగా నవ్వింది కవిగారే. నవ్వుతూనే లేచి, అద్దం తలుపు తీసుకుని, మొదటిసారిగా మైకు దగ్గరికి వెళ్లారు. ఆలుమగలు తలలు దగ్గర పెట్టుకుని చప్పట్లు కొట్టుకున్నారు. 'పాట పాడు' పోయి, అదే కొలతలో 'ఆటలాడు' వచ్చింది.

వార్షికోత్సవం నాడు పిల్లలు గొంతెత్తి పాడారు. ఎవరూ కండలు చూపించలేదు. వేదిక మీద కవి పేరు చదివినప్పుడు కవిగారు లేచి, "ఇద్దరి పేర్లూ చదవండమ్మా" అన్నారు. మైకు అందక అది ముందు వరసకి తప్ప ఎవరికీ వినపడలేదు. వినపడాల్సిన మనిషి ముందు వరసలోనే ఉంది.

కార్యక్రమం అయ్యాక హెడ్ మేడం నవ్వుతూ వచ్చింది. "చాలా బాగుందండీ. ఒక్క సందేహం. 'అందరం మాటలాడు బడి మాది' అని రాశారేమిటి? క్లాసులో మాట్లాడొద్దని మేం మొత్తుకుంటుంటే?"

'అందరం' చివరి సున్నా 'ఆటలాడు' మీదకి జారి పడిందని ఇద్దరికీ అప్పుడే వెలిగింది. గాయని నోరు తెరవబోయింది. కవిగారు ఆమె చెయ్యి మెల్లిగా నొక్కి, గంభీరంగా అన్నారు:

"పిల్లలు మాట్లాడాలి మేడం. అది మా ఇద్దరి అభిప్రాయం."