అనుబంధంలోకి నెట్టిన వాక్యం

రోజారాణి థీసిస్‌లో పరిశోధనా పద్ధతుల అధ్యాయం బొగ్గు గూడ్సుబండిలా ఎక్కడా ఆగకుండా సాగింది. ఖమ్మం కాలేజీలో ఆమె గైడు ఉదయశ్రీ మేడం అది చదివి తల పట్టుకుంది.

"ముక్కలు చెయ్యమ్మా. అధ్యయన ప్రాంతం, ఎవరిని ఎంచుకున్నావు, ఇంటర్వ్యూలు ఎట్లా చేశావు, విశ్లేషణ. దేనికదే ఉపశీర్షిక. ఫలితాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోడానికి కావలసింది ఇక్కడే ఉంచు. ఇదే పని మళ్లీ చేసేవాళ్లకు పనికొచ్చే చిన్న వివరాలు వెనక అనుబంధంలోకి పంపు."

రోజారాణి పరిశోధన అడవి అంచు తండాల్లో తునికాకు కోసేవాళ్ల మీద. ప్రశ్నల పట్టిక, రికార్డరు సంగతి, ఒక్కో జవాబుకు గుర్తుగా ఇచ్చిన అంకెలు తేలిగ్గానే వెనక్కి వెళ్లాయి. ఇంటర్వ్యూల శీర్షిక కింద మాత్రం ఒక వాక్యం ఒంటరిగా నిలబడింది: "లంబాడీ భాషలో చెప్పిన జవాబులను, ఆకుకట్టలు కొనే కల్లం గుమాస్తా లాలు తెలుగులో వివరించాడు."

ఇన్నాళ్లూ గుంపులో ఎవరికీ కనపడని వాక్యం. దాన్ని చూడగానే ఆమెకు ఆ రోజు తండాలో జరిగింది గుర్తొచ్చింది. ఆకుకట్టలు బాగాలేవని పక్కన పారేస్తారా అని అడిగినప్పుడు, రూప్లి అనే పెద్దావిడ లాలు మొహం చూసి, ఆ తర్వాత లేదంది. పారేసేది లాలే మరి! ఆవిడ భయం రోజారాణికి అప్పుడే అర్థమైంది. ఇంకో మనిషిని వెతికే ఓపిక లేక, బస్సు దొరకదని నోరు మూసుకుంది. తండాల్లో ఫిర్యాదుల్లేవని దర్జాగా రాసేసింది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని అనుబంధంలో రికార్డరుకూ అంకెలకూ మధ్య ఇరికించింది. చిన్న వివరమేలే అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

మేడం కొత్త అధ్యాయం చూసి మురిసిపోయింది. "అద్దంలా ఉంది రోజా! మిగతా స్కాలర్లకు ఇదే నమూనాగా ఇస్తాను."

ఆ మెప్పు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. రోజారాణి తల వంచుకుని అనుబంధంలో ఆ పేజీ తెరిచి ముందు పెట్టింది.

"ఇది వెనకుండాల్సింది కాదు మేడం."

మేడం చదివింది. నవ్వు పోయింది. "తెలిసే పెట్టావా?"

"అవ్ మేడం. తెలిసే."

"ఈ వాక్యం అధ్యాయంలోకి రావాలి. ఆ జవాబుల మీద నిలబడ్డ నీ ముగింపు పోవాలి. లేదా వెళ్లి మళ్లీ అడుగు."

ఈసారి రోజారాణి లంబాడీ తెలిసిన పక్క ఊరి టీచరు చాంది అక్కను వెంటబెట్టుకుని తండాకు వెళ్లింది. రూప్లి మొదట అటూ ఇటూ చూసింది. లాలు లేడని నమ్మకం కుదిరాక, పారేసిన కట్టల గురించి గబగబా చెప్పుకుంటూ పోయింది. చివర్లో రోజారాణి వైపు తిరిగి ఏదో అడిగింది. చాంది వెంటనే తెలుగులో చెప్పలేకపోయింది.

"ఏమంటుంది అక్కా?"

"నేను భయపడ్డది గా రోజు నువ్వు చూసినవ్ గదా బిడ్డా, అయినా లేదనే ఎందుకు రాసుకున్నవ్ అంటుంది."

రూప్లి జవాబు కోసం చూస్తూ కూర్చుంది.