జంక్‌లో పడ్డ ఏడు మెయిళ్ళు

మాయాబందర్ బడి నుంచి హాజరు పట్టిక రాలేదని ప్రతి నెలా అక్కడి టీచరుకి ఫోన్ చేసి కసురుకోవడం పోర్ట్‌బ్లెయిర్ విద్యాశాఖ ఆఫీసులో నాకు అలవాటైపోయింది. "పంపేశాను భయ్యా, సచ్చీ, నిజంగా," అనేదావిడ. నేను నమ్మేవాణ్ణి కాదు. చివరికి పట్టిక కాగితం మీద బస్సులో వచ్చేది.

ఒకరోజు పక్క సీటు దీదీ, "జంక్ చూసావా భయ్యా?" అంది. తెరిస్తే ఏడు మెయిళ్ళు, అన్నీ ఆవిడవే. ఒకదానిలో, "నెట్ కోసం జెట్టీ దాకా వచ్చి పంపుతున్నాను. ఆలస్యానికి మన్నించండి" అని ఉంది.

"మిగతా బళ్ళవి సరిగ్గానే వస్తున్నాయి కదా!" అని కంప్యూటర్ మీద విరుచుకుపడ్డాను. దీదీ సెట్టింగ్స్ చూపించింది. మనం ఎవరికి మెయిల్ రాస్తే వాళ్ళని అది తనంతట తానే సేఫ్ సెండర్ల జాబితాలో చేర్చుకుంటుందట. ఆ జాబితాలో ఉన్నవాళ్ళ మెయిల్‌ని జంక్‌లోకి నెట్టదట.

"ఈమెకి నువ్వెప్పుడూ రాయలేదా?"

మిగతావాళ్ళకి "అందింది" అని రాసేవాణ్ణి. ఈవిడది మొదటిదే జంక్‌లో పడింది. అప్పటినుంచీ ఫోన్‌లో తిట్లే.

ఆ ఏడింటికీ ఏడు జవాబులు రాశాను. మొదటిదానికే ఆవిడ జాబితాకెక్కింది. మిగతా ఆరూ నాకోసం రాసుకున్నవి.